కూర్చుంటే వరుస పోదని ముందు చెప్పండి: భద్రకాళి గుడి క్యూల వలంటీర్లకు బహిరంగ లేఖ

ఆషాఢంలో శాకంబరీ ఉత్సవాలకూ, దసరా నవరాత్రులకూ వరంగల్ భద్రకాళి గుడి దగ్గర క్యూల సేవకు వచ్చే వలంటీర్లకు, వాళ్ళను పంపే సేవా సంఘాల పెద్దలకు నమస్కారం.

ఈ ఉత్తరం ఒకే ఒక్క పని గురించి. వయసు మళ్ళిన భక్తులు క్యూ కొసకు చేరగానే మనం ముందుకు వెళ్ళి నాలుగు మాటలు చెప్పి, కూర్చోమని అడుగుతాం. ఆ నాలుగు మాటలు ఎలా ఉండాలో, అందులో ఇచ్చిన మాటను ఎలా నిలబెట్టుకోవాలో రాస్తున్నాం. ఎందుకంటే కుర్చీలు వేసి ఉన్నా సగం ఖాళీగా ఉంటాయి, పక్కనే పెద్దవాళ్ళు ఇనుప కమ్మీ పట్టుకుని గంటసేపు నిలబడి ఉంటారు. చూసినవాళ్ళు "మొండితనం" అంటారు. అది మొండితనం కాదు. కూర్చుంటే తమ వరుస పోతుందని వాళ్ళ భయం. పర్కాల నుంచో నర్సంపేట నుంచో పొద్దున్నే బస్సెక్కి, హన్మకొండ బస్టాండులో దిగి, ఆటోలో గుడికి వచ్చిన అవ్వ ఆ వరుసను అంత తేలిగ్గా వదులుకోదు.

వరుస భయం మొదటిది. దాని వెనకే ఇంకో రెండు ఉంటాయి. ఫోను, డబ్బులు, చెప్పుల చీటీ అన్నీ కొడుకు దగ్గరో మనుమరాలి దగ్గరో ఉంటాయి కాబట్టి వాళ్ళు కనబడకుండా పోతే ఏంగాను అని ఒకటి. మధ్యలో బాత్రూం అవసరం పడితే ఎవరిని అడగాలి అని మరొకటి. ఈ మూడింటికీ జవాబు దొరకకుండా "కూర్చోండి అమ్మా" అని ఎంత మర్యాదగా అన్నా "ఏం గాదు బిడ్డా, నిలబడ్త" అనే సమాధానం వస్తుంది. మన స్వాగతం చాలాసార్లు అమ్మవారి మహిమతో మొదలై, ఉత్సవ విశేషాలు చెప్పి, ఫోను వాడవద్దు, తోసుకోవద్దు అనే నియమాల మీదుగా సాగి, చివర్లో కుర్చీ మాటకు వస్తుంది. అప్పటికి వినేవాళ్ళ చెవి మన మీద ఉండదు. అందుకే ఈ వరుసను తిరగేయమంటున్నాం. చెప్పాల్సింది ఇంతే:

"అమ్మలకు, అయ్యలకు దండాలు. మేం ఇక్కడ సేవ చేసేటోళ్ళం. కూసుంటే మీ లైను పోదు. మీతోని వచ్చినోళ్ళు లైన్లనే ఉంటరు, మీరు ఈ కుర్సీల కూసోండ్రి. ఇద్దరికీ ఒక్కటే నంబరు చీటీ ఇస్తం. మీ వంతు దగ్గరికి రాంగనే మేమే వచ్చి లేపి, మీవోళ్ళ దగ్గరికి తీస్కపోతం. బాత్రూంకు పోవాలంటే చెయ్యి పట్టుకొని తీస్కపోయేటందుకు మనిషున్నడు. దూపైతే నీళ్ళున్నయి. పొద్దటిసంది ఏం తినకుంట షుగర్ గోలీ ఏస్కున్నోళ్ళు ఎవలన్న ఉంటే నాకు చెప్పుండ్రి. ఇప్పుడు ఒక్కొక్కల దగ్గరికి వస్తం."

నిదానంగా చదివినా దాదాపు నిమిషంలో అయిపోతుంది. దండం పెట్టిన వెంటనే "లైను పోదు" అన్న మాట రావాలి, దానికి ముందు ఇంకేదీ వద్దు. గోలీ మాట చివరన ఉన్నా దాన్ని వదలొద్దు, ఎందుకో కింద చెబుతాం. ఉత్సవ విశేషాలు కుర్చీలో కూర్చున్న తర్వాత ఎంతసేపైనా చెప్పవచ్చు. అమ్మవారికి చివరి రోజున కూరగాయలతో చేసే అలంకారం గురించి అప్పుడు వాళ్ళే అడుగుతారు.

ఈ మాటలు మైకులో చెప్పకండి. వయసుతో వచ్చే చెవుడులో మొదట దెబ్బతినేది సన్నని శబ్దాలు వినే శక్తి. స, శ, చ, త లాంటి హల్లులు జారిపోయి అచ్చులు మాత్రం చెవిన పడతాయి. అందుకే పెద్దవాళ్ళు "ఇనబడుతున్నది గని సమజ్ గావట్లె" అంటారు. రాతి గోడల మధ్య, రేకుల కింద మైకు మోగితే ఒక మాట మీద ఇంకో మాట పడి ఆ మిగిలిన హల్లులు కూడా పోతాయి. గట్టిగా అరిచినా ఇదే జరుగుతుంది, పైగా కోప్పడుతున్నట్టు అనిపిస్తుంది. పదీ పదిహేను మందిని ఒక గుంపుగా చేసుకుని, వాళ్ళకు మూడు నాలుగు అడుగుల దూరంలో నిలబడి, గొంతు కొంచెం దించి, మాటకూ మాటకూ మధ్య సందు ఇచ్చి చెప్పండి. వెలుగు మీ ముఖం మీద పడేలా నిలబడాలి. ఎండ మీ వెనక ఉంటే వాళ్ళకు మీ పెదవులు కనబడవు. చెప్పాక "సమజైందా" అని అడిగితే అందరూ తలూపుతారు కాబట్టి ఆ ప్రశ్నతో ఏమీ తేలదు. "అవ్వా, మీ నంబరెంత? మీతోని ఎవలొచ్చిండ్రు?" అని అడగండి. జవాబు వచ్చిందంటే మాట అందినట్టే.

పిలుపు గురించి ఒక మాట. గుంపుతో మాట్లాడేటప్పుడు అమ్మ, అయ్య సరిపోతాయి. దగ్గరికి వెళ్ళాక మనిషిని బట్టి అవ్వ, తాత, పెద్దమ్మ, బాపు ఏదైనా పరవాలేదు గానీ అరవై దాటిన ప్రతి ఒక్కరినీ అవ్వా తాతా అనకండి. అరవై రెండేళ్ళ రిటైర్డు టీచరమ్మను అవ్వా అని పిలిచి కుర్చీ చూపిస్తే ఆవిడ కూర్చోదు. ఆవిడకు "మేడం, మోకాళ్ళ నొప్పులేమన్న ఉంటే కూర్చోవచ్చు" అంటే చాలు.

ఇక ఇచ్చిన మాట. చీటీల పద్ధతి లేకుండా "మీ లైను పోదు" అంటే అది అబద్ధమవుతుంది, ఒక్కరికి వరుస పోయినా మిగతా కుర్చీలన్నీ నిమిషాల్లో ఖాళీ అవుతాయి. ఒకే నంబరు వేసిన రెండు అట్టముక్కలు చేసుకోండి. ఒకటి పెద్దవాళ్ళకు, రెండోది లైన్లో ఉండే తోడు మనిషికి. ఆషాఢంలో వాన ఉంటుంది గనక కాగితం పనికిరాదు, ఇంకు కారిపోతుంది. అట్టకు రంధ్రం చేసి దారం కట్టి మణికట్టుకు వేయండి. చేతికిస్తే కొంగున ముడి వేసుకుంటారు, తర్వాత ఎక్కడ పెట్టామో గుర్తుండదు. ఒంటరిగా వచ్చినవాళ్ళుంటే లైన్లో వాళ్ళ ముందున్న మనిషిని అడిగి, ఒప్పుకుంటే రెండో చీటీ ఆ మనిషికి కట్టండి. మన ఊరివాళ్ళు ఈ పనికి కాదనరు, కానీ అడగకుండా మాత్రం అంటగట్టకండి.

కూర్చున్నవాళ్ళు మళ్ళీ లైన్లో కలిసే చోటు ఒక్కటే ఉండాలి, దానికి గేటు ఉన్న చోటు ఎంచుకోవాలి. కమ్మీ కింది నుంచి దూర్చడం, మీది నుంచి దాటించడం ఏ వయసువాళ్ళకూ మంచిది కాదు. ఆ గేటు దగ్గర ఉన్న వలంటీరు, వెనక నిలబడ్డవాళ్ళకు ముందే చెబుతూ ఉండాలి: "ఇక్కడ చీటీ ఉన్న పెద్దోళ్ళు తమ వాళ్ళతోని కలుస్తరు, వాళ్ళ వంతే వాళ్ళు తీసుకుంటున్నరు, మీ ముందట ఎక్కువ మంది చేరరు." ఈ మాట ముందు చెబితే ఎవరూ గొణగరు. మనిషి లోపలికి వచ్చాక చెబితే అది సంజాయిషీ అవుతుంది, గొడవ మొదలవుతుంది.

ఎప్పుడు పిలవాలన్నది అందరూ తప్పే చోటు. తోడు మనిషి గేటు దగ్గరికి వచ్చాక కబురు పెడితే పెద్దవాళ్ళు చేరేలోపు లైను సాగిపోతుంది. మరీ ముందు పిలిస్తే కూర్చోబెట్టిన ఫలితం ఉండదు. దీనికి చిన్న లెక్క ఉంది. గేటు దగ్గర నిలబడి ఐదు నిమిషాల్లో ఎంతమంది దాటుతున్నారో లెక్కపెట్టండి. అరవై మంది దాటారనుకుందాం, అంటే నిమిషానికి పన్నెండు మంది. కమ్మీల మధ్య ఒక మలుపు నుంచి ఇంకో మలుపు దాకా నలభై మంది పడతారనుకుంటే, ఒక వరుస ఖాళీ కావడానికి మూడు నిమిషాల పైచిలుకు పడుతుంది. కుర్చీలోంచి లేచి కుదురుకోవడానికి రెండు నిమిషాలు, బాత్రూంకు వెళ్ళిరావడానికి ఐదు, కుర్చీల నుంచి గేటు దాకా మెల్లగా నడవడానికి మూడు, కలిపి పది నిమిషాలు. కాబట్టి తోడు మనిషికి గేటు ఇంకా మూడు వరుసల దూరంలో ఉండగానే ఇక్కడ లేపాలి. ఆ మూడో మలుపు దగ్గర ఒక వలంటీరు నిలబడి, చీటీ నంబరు చూసి కుర్చీల వైపు చేత్తో సైగ చేస్తే సరిపోతుంది. వానకూ జనం రొదకూ ఫోన్లు వినబడవు.

ఈ వేగం రోజంతా ఒకేలా ఉండదు. నైవేద్యం వేళ, హారతి వేళ లైను నిలిచిపోతుంది. తర్వాత వదిలినప్పుడు ఒక్కసారిగా కదులుతుంది. లైను ఆగిన సమయంలో ఎవరినీ లేపకండి. గేటు దగ్గర అప్పటికే నిలబడి ఉన్న పెద్దవాళ్ళకు అక్కడే రెండు మూడు కుర్చీలు వేయాలి. వదలడానికి ముందు పూజారుల వైపు నుంచి కబురు తెలుసుకునే మనిషి ఒకరుండాలి. అరగంటకోసారి గేటు దగ్గర మళ్ళీ లెక్కపెట్టండి. నిమిషానికి పన్నెండు మంది కాస్తా ఇరవై అయితే మూడు వరుసలు చాలవు, ఐదు వరుసల దూరంలోనే లేపాలి.

కుర్చీ విషయానికొస్తే, చేతులున్న కుర్చీలే వేయండి. స్టూళ్ళు, బల్లలు వద్దు. పెద్దవాళ్ళు కూర్చునేటప్పుడూ లేచేటప్పుడూ బరువంతా చేతుల మీదే వేస్తారు. సీటు నేల నుంచి దాదాపు 45 సెంటీమీటర్ల ఎత్తులో, అంటే మోకాలి ఎత్తుకు దగ్గరగా ఉండాలి. అంతకన్నా తక్కువున్న కుర్చీలోంచి మోకాళ్ళు అరిగినవాళ్ళు లేవలేరు. ప్లాస్టిక్ కుర్చీకి కాళ్ళ కింద రబ్బరు ఉందో లేదో చూసి వేయండి. తడిసిన బండల మీద రబ్బరు లేని కుర్చీ, బరువు వెనక్కి పడగానే జారిపోతుంది. కూర్చునే ముందు వెనక నిలబడి కుర్చీని గట్టిగా పట్టుకోవడం మీ పని. కుర్చీల వరుసను గోడకు ఆనించి వేస్తే ఆ జారుడు చాలామట్టుకు తప్పుతుంది. వరుసకూ వరుసకూ మధ్య చేతికట్టె పట్టుకున్న మనిషి, పక్కన చెయ్యిచ్చే మనిషి ఇద్దరూ పట్టేంత సందు వదలండి.

లేపేటప్పుడు రెక్క పట్టి లాగకండి. భుజం కీలు తప్పుతుంది, లేకపోతే లాగినవాళ్ళ మీదే పడతారు. ముందు "లేద్దామా అవ్వా" అని చెప్పాలి. కుర్చీ అంచుకు జరగమనాలి, పాదాలు మోకాళ్ళ కిందికి లాక్కోమనాలి, చేతులు కుర్చీ చేతుల మీద వేసి ముందుకు వంగి లేవమనాలి. మీరు పక్కన నిలబడి మోచేతి కింద మీ అరచెయ్యి పెడితే చాలు. లేచాక వెంటనే నడిపించకండి. చాలాసేపు కూర్చున్నప్పుడు రక్తం కాళ్ళలోకి దిగుతుంది, లేవగానే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. బీపీ గోలీలు వేసుకునేవాళ్ళకు, పొద్దుటి నుంచి నీళ్ళు తాగనివాళ్ళకు ఇది ఎక్కువ. బాత్రూం భయంతో నీళ్ళు తాగకుండా వచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు. బాత్రూం మాట మన స్వాగతంలో పెట్టింది ఇందుకే. లేచిన చోటే ఒక నిమిషం నిలబెట్టి, "కండ్లు తిరుగుతున్నయా" అని అడిగి, లేదన్నాకే అడుగు వేయించండి. తిరుగుతున్నాయంటే మళ్ళీ కూర్చోబెట్టాలి. అప్పుడు వంతు దాటిపోతుందేమోనని వాళ్ళే తొందరపడతారు. తోడు మనిషిని గేటు పక్కన ఆపి ఉంచామని చెప్పండి, నిజంగానే ఆపి ఉంచండి.

ఉపవాసం గురించి జాగ్రత్తగా చెప్పాలి. దర్శనమయ్యేదాకా ఏమీ తిననని మొక్కుకునేవాళ్ళను తినమని బలవంతపెట్టే అధికారం మనకు లేదు. కానీ అన్నం మానేసి షుగర్ గోలీ మాత్రం మానకుండా వేసుకున్నవాళ్ళు, ఇన్సులిన్ తీసుకున్నవాళ్ళు ప్రమాదంలో ఉన్నట్టే. వాళ్ళను అందరికీ కనబడే ముందు వరుసలో కూర్చోబెట్టండి. షుగర్ పడిపోతున్నప్పుడు చల్లటి వేళ కూడా చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, ఒక్కోసారి ఊరికే కోపం వస్తుంది. పండగ జనంలో దీన్ని పూనకం అనుకుని దండం పెట్టి చుట్టూ నిలబడిపోవడం జరుగుతుంది. పూనకమా కాదా అని తేల్చడం మన పని కాదు. చెమట పట్టి తడబడుతున్న మనిషిని కూర్చోబెట్టి, "షుగర్ ఉన్నదా, ఏమన్న తిన్నరా" అని తోడువాళ్ళను అడగడం మాత్రం మన పనే. తెలివి ఉండి మింగగలిగితే గ్లాసు నీళ్ళలో మూడు చెంచాల చక్కెర కలిపి తాగించండి. పదిహేను నిమిషాలకు తేరుకోకపోతే మళ్ళీ అంతే ఇచ్చి డాక్టరుకు కబురు పెట్టాలి. తెలివి తప్పితే నోట్లో ఏదీ పోయవద్దు, పక్కకు ఒత్తిగిలబెట్టి 108కు ఫోను చేయాలి. గోలీలు మనం ఇవ్వకూడదు, వేసుకోవద్దని చెప్పకూడదు. చక్కెర డబ్బా, చెంచా, నీళ్ళు మాత్రం కుర్చీల దగ్గరే ఉండాలి, ఆఫీసు గదిలో కాదు.

మన చేతిలో లేనివి ఒప్పుకోకండి. "నేరుగా గర్భగుడి దాకా తీస్కపోతం", "పది నిమిషాలల్ల అయిపోతది" అనే మాటలు మంచి మనసుతో వచ్చేవే గానీ నిలబడవు. లోపల ఎంతసేపు ఆపాలో, చక్రాల కుర్చీ ఏ గడప దాకా వస్తుందో నిర్ణయించేది ఆలయ సిబ్బంది. పొద్దున్నే వాళ్ళను అడిగి తెలుసుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పండి: "బండి ఫలానా మెట్టు దాక వస్తది, ఆడికెల్లి ఇరవై అడుగులు నడవాలె, ఇద్దరం పట్టుకుంటం." ముందే తెలిస్తే మనిషి దానికి సిద్ధపడతాడు. చక్రాల కుర్చీని ఏటవాలు నుంచి దించేటప్పుడు వెనక్కి తిప్పి, మీరు కింది వైపు ఉండి మెల్లగా దించాలి. ముందుకు తోస్తే కూర్చున్నవాళ్ళు జారి ముందుకు పడతారు. ఎక్కించే ముందూ దించే ముందూ రెండు బ్రేకులూ వేసి, పాదాల పలకలు పైకి మడవండి. దిగేటప్పుడు వాటి మీద కాలు వేసి తూలడం చాలా సాధారణం.

ఎక్కువమంది తప్పిపోయేది లైన్లో కాదు, దర్శనం అయిన తర్వాత. బయటికి వచ్చే దారి లోపలికి వెళ్ళిన దారి కాదు, చెప్పులు మొదటి దారి దగ్గర ఉంటాయి, జనం తోపులో తోడు మనిషి ప్రసాదం కోసం అటు పోతాడు. అవ్వ ఇటు చెప్పుల కోసం తిరుగుతుంది. అందుకని చీటీ వెనక కలుసుకునే చోటు పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. చదవలేనివాళ్ళు చీటీ చూపిస్తే ఇంకెవరైనా తీసుకొచ్చి దింపుతారు. పెద్దవాళ్ళ చెప్పులను చీటీ నంబరు వేసిన సంచిలో పెట్టి బయటి దారి దగ్గరికి మనమే మోసుకెళ్ళగలిగితే తిరుగుడు సగం తగ్గుతుంది. సాయంత్రం వానలో తడి బండల మీద ఉత్తకాళ్ళతో వెనక్కి నడిచే పనీ ఉండదు.

చీటీలు తిరిగి తీసుకోవాల్సిందీ ఆ బయటి చోటే. ఇచ్చిన నంబర్ల పుస్తకం గేటు దగ్గర ఉంటుంది, తిరిగి వచ్చిన చీటీలు ఇక్కడ ఉంటాయి. గంటకోసారి రెండూ సరిచూడండి. నలభై చీటీలు లోపలికి వెళ్ళి ముప్పై ఏడు వచ్చి ఉంటే, ముగ్గురు లోపల ఉన్నారో, పక్కన ఎక్కడైనా కూలబడ్డారో, చీటీతోనే ఇంటికి వెళ్ళిపోయారో తెలుసుకోవాలి. ఆ మూడు నంబర్ల తోడు మనుషుల ఫోన్లు పుస్తకంలో ముందే రాసి పెట్టుకుంటే రెండు నిమిషాల పని. చివరి నంబరు లెక్క తేలేదాకా కుర్చీలు ఎత్తకండి.

ఇట్లు,
వరంగల్, హన్మకొండ గుళ్ళ దగ్గర క్యూల సేవలో ఉండే మీ తోటి వలంటీర్లు